ఆరున్నర నుంచి ఏడు దాకా

జ్ఞాపకార్థ కూడిక అయిపోయిన మర్నాడు మా ఆయన ఫోన్‌కు చార్జింగ్ పెట్టాను. వచ్చిన చుట్టాలందరూ వెళ్లిపోయారు. ఇల్లు ఊడ్చి, తెచ్చిన కుర్చీలు టెంట్‌హౌస్ ఆటోలో ఎక్కించి, ఇక చేసే పనేదీ కనపడక ఆ ఫోన్ తీశాను. తెరవగానే మెసేజ్‌లు వరసగా దిగడం మొదలుపెట్టాయి. అరవై పైనే ఉన్నాయి. 'అన్నా, తొమ్మిదో నంబరు ఉందా?', 'అన్నా, మా అమ్మకు షుగరు, మెత్తయి కావాలె', 'అన్నా, జవాబియ్యవేంది?' అందరూ మా చెప్పుల పేజీ చూసి అడిగినవాళ్లే. ఆయన లేడన్న సంగతి ఒక్కరికీ తెలియదు.

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఇల్లు చిట్యాల దగ్గర, హైవే దిగి ఐదు నిమిషాలు నడిస్తే వస్తుంది. ఇంటి ముందరి రేకుల షెడ్డులో ఆయన, మా మామ చెప్పులు కుట్టేవాళ్లు. ఆయన డిగ్రీ చదివాడు. చదువుకుని మళ్లీ తోలు పట్టుకోవడమేమిటని మా అమ్మ పెళ్లినాటి నుంచి బాధపడేది. ఆయన పట్టించుకోలేదు. షుగరు ముదిరి కాళ్లలో స్పర్శ పోయినవాళ్లు రోజూ ల్యాబుకు వస్తారని, ఒకాయన మేకు దిగిన కాలితోనే నడిచి వచ్చి రక్తం ఇచ్చాడని, ఆ మేకు సంగతి మేం చెప్పేదాకా ఆయనకే తెలియదని ఒకసారి ఇంట్లో చెప్పాను. వాళ్లు వేసుకునేవి ఎట్లా ఉండాలని మా ఆయన అడిగాడు. డాక్టరును అడిగి వచ్చి చెప్పాను. అడుగున మెత్తటి రబ్బరు ఉండాలి, ముందుభాగం వెడల్పుగా ఉండాలి, వేళ్ల మధ్య పట్టీ ఉండకూడదు, మడమ వెనక పట్టీ ఉండాలి. అప్పటి నుంచి ఆయన అవే ఎక్కువ కుట్టాడు. పేజీ పెట్టింది కూడా వాటి కోసమే.

ఒక పొద్దున ఆయన ఛాతీలో నొప్పి అంటే మా ఆస్పత్రికే తీసుకెళ్లాను. గుండెపోటు పరీక్ష చేసే కార్డు మీద రక్తం చుక్క వేసింది నేనే. ఆ కార్డు మీద ఒక గీత వస్తే ఏం లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. పదిహేను నిమిషాలు చూడాలి. రెండో గీత నాలుగో నిమిషంలోనే వచ్చింది. మిగతా పదకొండు నిమిషాలు కూడా అక్కడే నిలబడి చూశాను, ఎందుకో తెలియదు. రిజిస్టరులో పేరు, వయసు, ఫలితం రాసి సంతకం పెట్టాను. అంబులెన్సులో నల్లగొండ తీసుకెళ్లారు. సాయంత్రానికి అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు ఏడుస్తుంటే వాళ్లకు మంచినీళ్లు ఇచ్చాను.

మామ ఇరవై రోజులు షెడ్డులోకి అడుగు పెట్టలేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున లేచేసరికి అక్కడ కూర్చుని ఆరెతో తోలుకు బెజ్జాలు పొడుస్తున్నాడు. కోసి పెట్టినవి ఉన్నాయి కదా, పాడైతాయని మాత్రం అన్నాడు. మళ్లీ కుట్టడం మొదలైంది కాబట్టి అమ్మాలి. ఫోన్ మామకు రాదు. అట్లా దుకాణానికి నేను యజమానురాలినయ్యాను.

మొదటి రెండు నెలలు ఇష్టమొచ్చినట్టు నడిపాను. ఫోన్ మోగినప్పుడల్లా తీసేదాన్ని. బస్సులో, క్యాంటీనులో, చివరికి ల్యాబులో కూడా. ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ల రక్తం తీసి గొట్టాలు స్టాండులో పెట్టాను. అదే సమయంలో ఎవరో రంగులు ఏమేం ఉన్నాయని అడిగారు. జవాబు రాస్తూనే ఒక గొట్టం మీద నంబరు వేశాను. రెండో గొట్టం తీసుకున్నప్పుడు చూస్తే దాని నంబరు మొదటిదాని మీద ఉంది. మిషన్‌లో పెట్టకముందే చూశాను కాబట్టి సరిపోయింది. ఇద్దరినీ మళ్లీ పిలిచి మళ్లీ రక్తం తీశాను. ఒకామె కడుపుతో ఉంది. ఏమైంది అక్కా అని అడిగింది. గడ్డ కట్టిందని అబద్ధం చెప్పాను. భయం వేయాల్సిన చోట వేయడం లేదని అప్పుడే తెలిసింది. ఆ మధ్యాహ్నమే ఆ ఫోన్ ఇంట్లో వదిలి రావాలని అనుకున్నాను.

ఆ నెలలోనే నల్లగొండలో చిన్న వ్యాపారాలు చేసే ఆడవాళ్లకు ఒకరోజు శిక్షణ ఉందని తెలిసి వెళ్లాను. చెప్పినావిడ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఇంట్లో చీరల మీద అద్దకం పని చేయించి అమ్ముతుందట. పొద్దంతా చాలా చెప్పింది. నాకు ఉపయోగపడింది చివరి గంట. ఉద్యోగం ఉన్నవాళ్లు రోజుకు అరగంట కంటే ఎక్కువ ఇవ్వొద్దని, ఆ అరగంటను రోజూ ఒకే సమయంలో ఇవ్వాలని చెప్పింది.

"ముందుగాల జవాబులు రాయండి, ఎందుకంటే అవతల మనిషి ఎదురుచూస్తుంటడు. పది నిమిషాలు. తర్వాత పోస్టు. అదో పది. మిగిలిన పదిల ఒక్కటి నేర్చుకోండి. అలారం మోగినంక ఫోన్ కింద పెట్టుడే."

మిగతా ఆడవాళ్లు బోలెడు ప్రశ్నలు అడిగారు. అరగంట ఏం సరిపోతుందని ఒకామె గట్టిగానే వాదించింది. నాకు వాదించాలని లేదు. పొద్దున లేచాక ఏం చేయాలో ఎవరో ఒకరు చెప్పారు, అంతే చాలనిపించింది.

ఆరున్నర పెట్టుకున్నాను. అప్పటికి మామ చాయ తాగి షెడ్డులోకి వెళ్తాడు. నాకు ఎనిమిదికి బస్సు. మెసేజ్ వచ్చిందని మోగే చప్పుళ్లన్నీ ఆపేశాను. ఎవరు రాసినా వెంటనే ఒక జవాబు దానంతటదే వెళ్లేట్టు పెట్టాను: 'మీ మెసేజ్ అందింది. రేపు పొద్దున ఏడు లోపల జవాబిస్తాం.' పోస్టులకు కావలసిన ఫొటోలు ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక, షెడ్డు గుమ్మం దగ్గర ఎండ నేరుగా పడని చోట వారానికి సరిపడా తీసేదాన్ని. రోజూ పొద్దున ఒక ఫొటో తీసుకుని కింద నాలుగు మాటలు రాస్తే అయిపోయేది. పనెక్కువ ఉన్న వారం ముందే రాసి, ఏ రోజు ఏ గంటకు రావాలో పెట్టి ఉంచేదాన్ని.

నేర్చుకునే పది నిమిషాల్లో మొదట పేజీ లెక్కలు చదవడం నేర్చుకున్నాను. ఏ పోస్టును ఎందరు చూశారన్నది కాదు, ఎందరు దాచుకున్నారు, ఎందరు వేరేవాళ్లకు పంపారన్నది చూడమని ఆవిడ చెప్పింది. చెప్పుల అందమైన ఫొటోలను చూసి వెళ్లిపోయేవాళ్లు. కాలి కొలత ఎట్లా తీయాలో ఆయన ఎప్పుడో పెట్టిన ఒక మామూలు పోస్టును మాత్రం దాచుకున్నారు. సాయంత్రం పూట తీయాలి, పొద్దంతా తిరిగిన కాలు కొంచెం ఉబ్బుతుంది కాబట్టి. కాగితం నేల మీద పెట్టి, మడమ గోడకు ఆనించి, బరువంతా వేసి నిలబడాలి. రెండు కాళ్లూ గీయాలి. పెన్సిల్ నిటారుగా పట్టాలి. కాగితం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపాలి. ఆ పోస్టును పేజీ పైన అందరికీ ముందుగా కనపడేట్టు పెట్టాను. కొలతలెట్లా పంపాలని అడగడం వారం లోపలే తగ్గింది. ధర కూడా ఫొటో కిందే రాయడం మొదలుపెట్టాక ఇంకా తగ్గింది. పది నిమిషాల్లో జవాబులు పూర్తవడం అప్పటి నుంచే.

జవాబుల సంగతి ఒకటి చెప్పాలి. ఆయన కొన్ని జవాబులు ముందే రాసి దాచుకున్నాడు. ఒక చిన్న గుర్తు కొడితే మొత్తం జవాబు వచ్చేస్తుంది. వాటన్నిటికీ మొదటి మాట ఒకటే: 'నమస్తే, నేను మీ చెప్పుల తమ్మున్ని.' ఆరున్నర పెట్టుకున్న మొదటి రోజు వాటిని వాడబోయి, ఆ మాట చూసి వేలు ఆగింది. మార్చాలంటే అన్నీ మార్చాలి. మార్చి ఏమని రాయాలి? పది నిమిషాల్లో పద్నాలుగు మందికి చెప్పాల్సి ఉంది. అట్లాగే పంపాను. రెండో రోజు వేలు ఆగలేదు.

అట్లా నెలల తరబడి ఆయనలాగే రాశాను. తమ్ముడిలా, అన్నలా. ఆయన ఎట్లా రాసేవాడో పాత సంభాషణలు చదివి నేర్చుకున్నాను. అది కూడా నేర్చుకునే పది నిమిషాల్లోనే. ఒకరి కొడుకు పెళ్లి, ఒకరి బోరు ఎండిపోవడం, ఇంకొకరి మోకాళ్ల నొప్పులు, ఇవన్నీ ఆయనకు చెప్పుకున్నారు. చదువుతుంటే పక్కింటి వాళ్ల సంగతులు చదివినట్టు ఉండేది. అలారం మోగగానే ఫోన్ బల్ల మీద పెట్టి బియ్యం కడిగేదాన్ని.

తిరుమలగిరి నుంచి ఒకాయన తరచుగా రాసేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకు షుగరు. మా దగ్గరే మూడు జతలు కుట్టించుకున్నాడు. ఒక పొద్దున ఆయన మెసేజ్ ఐదోదిగా ఉంది: 'తమ్మీ, ఇంట్ల ఎవ్వలికి చెప్పలే. ఎడమకాలి బొటనవేలు నల్లగైతాంది. నొప్పి లేదు. జర వెడల్పు జత కుట్టరాదు?'

వచ్చిన సమయం చూశాను. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నర. పద్దెనిమిది గంటలుగా ఆ వేలు అట్లాగే ఉంది. రేపు పొద్దున ఏడు లోపల జవాబిస్తామన్న మాట ఆయనకు అప్పుడే వెళ్లింది, ఆయన ఆగాడు. నొప్పి లేని నలుపంటే వేలు చచ్చిపోతోందని నాకు తెలుసు. దాచుకున్న జవాబేదీ కొట్టకుండా సొంతంగా రాశాను: 'అన్నా, చెప్పులు తర్వాత. ఇయ్యాలనే పెద్ద దవాఖానకు పో. వదినెను తోల్కపో. నొప్పి లేదంటే మంచిది కాదు. పోయినంక నాకు చెప్పు.' చదివినట్టు గుర్తు వచ్చేదాకా చూశాను. వచ్చింది. ఆ రోజు పోస్టు పెట్టలేదు. మిగిలిన సమయంలో దానంతటదే వెళ్లే జవాబుకు ఇంకో మాట కలిపాను: 'కాలికి పుండు గానీ నలుపు గానీ ఉంటే మా జవాబు కోసం ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోండి.' ఆ మాట ముందే ఉండాల్సింది. రక్తం గొట్టాల మధ్య బతికే మనిషికి అది ముందే తట్టాల్సింది.

ఆయన మూడు వారాలు రాయలేదు. నాలుగో వారం రాశాడు. వేలు తీసేశారట, కాలు దక్కిందట. 'తమ్మీ, నీ మొకం చూడాలె. ఆదివారం వస్త.'

రావద్దని రాసే జవాబు మా ఆయన దాచిపెట్టలేదు. నేను కూడా రాయలేదు.

ఆదివారం పదకొండుకు భార్యతో కలిసి ఆటో దిగాడు. చేతిలో బత్తాయిల సంచి. కాలికి కట్టు కట్టి, దాని మీద గుడ్డ చుట్టుకుని, చేతికర్రతో నడుస్తున్నాడు. షెడ్డులో మామను చూసి నమస్కారం పెట్టి, తమ్ముడేడని అడిగాడు. మామ నా వైపు చూశాడు. నేను ఫొటోల కోసం చెప్పులు తుడుస్తున్నాను. నిలబడి, మా ఆయన చనిపోయి ఎనిమిది నెలలైందని చెప్పాను.

కండక్టరు భార్య అయ్యో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కర్ర గోడకు ఆనించి నెమ్మదిగా స్టూలు మీద కూర్చుని అడిగాడు.

"మరి నాకు రాసింది ఎవలమ్మా?"

"నేనే."

"దవాఖానకు పొమ్మన్నది?"

"అది కూడా నేనే. నేను దవాఖాన్లనే చేస్త."

ఆయన తన కాలి వైపు చూసుకున్నాడు. "తమ్ముడన్నడని పోయిన నేను. ఆమె చెప్పినా, నా బిడ్డ చెప్పినా పోకపోదును. నువ్వు చేసింది మంచే అమ్మా. నేను కాదంటలేను. కానీ చెప్పాల్సుండె. ఎనిమిది నెలలు నేను సచ్చిపోయిన మనిషితోని మాట్లాడిన. నా సంసారం సంగతులన్ని చెప్పుకున్న. ఆయన వింటుండనుకున్న."

క్షమించమని అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చింది గానీ దాని బరువు నాకు తగల్లేదు. లోపలికి వెళ్లి చాయ పెట్టాను. చాయ పొంగుతుంటే షెడ్డులో మామ గొంతు వినపడింది. ఆ మధ్య ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను వినలేదు. తన కొడుకు గురించి చెబుతున్నాడు. చిన్నప్పుడు తోలు వాసన పడక ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడని, డిగ్రీ అయిన తర్వాత తానే వచ్చి పక్కన కూర్చున్నాడని. నేను గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. చాయ చల్లారింది. మళ్లీ వేడి చేసి తెచ్చాను.

చాయ తాగాక తిరుమలగిరి ఆయన కాలు ముందుకు చాపాడు. కట్టు విప్పి పుండు పూర్తిగా మానేదాకా కొలత తీయలేమని చెప్పాను. డాక్టరు సరేనన్నాక మళ్లీ రమ్మన్నాను. ఆయన తలూపాడు. బత్తాయిలు స్టూలు మీదే పెట్టి వెళ్లిపోయాడు.

ఆటో మలుపు తిరిగాక మామ అన్నాడు. "గా ముచ్చట అందరికి చెప్పు బిడ్డా. నాకు మొదటిసంది ఎరుకే. నా కొడుకు ఫోన్ల బతికుండుడు నాకు మంచిగనిపిస్తలేదు."

ఇన్నాళ్లూ ఆ సంగతి మామకు తెలుసని నాకు తెలియదు.

సోమవారం ఆరున్నరకు జవాబులు రాశాను. ఆరూ నలభైకి పోస్టు సమయం. మా ఆయన ఫొటో పెట్టలేదు. మామ చేతుల ఫొటో ఒకటి ఉంటే అది పెట్టాను. కింద రాశాను: 'ఈ పేజీ నడిపిన నా భర్త ఎనిమిది నెలల కింద గుండెపోటుతో చనిపోయారు. చెప్పులు మా మామ కుడుతున్నారు. మీకు జవాబులు రాసింది, రాస్తున్నది నేను. ముందే చెప్పనందుకు క్షమించండి. ఆయనకు మీరు చెప్పుకున్న మాటలు నా దగ్గరే ఉంటాయి. వద్దనుకుంటే చెప్పండి, తీసేస్తాను.' పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు మిగిలాయి. నేర్చుకునే సమయంలో దాచుకున్న జవాబుల్లో మొదటి మాట తీసేశాను. అన్నీ కలిపి పదకొండు జవాబులు. అలారం మోగింది.

మర్నాడు తెరిస్తే మెసేజ్‌లు కిందికి జరుపుతున్నా అయిపోవడం లేదు. సంతాపాలు, ఏడుపు బొమ్మలు, ఆయన కుట్టిన చెప్పులు వేసుకుని తీసుకున్న కాళ్ల ఫొటోలు. చప్పుళ్లు ఆపి ఉంచడం మంచిదైంది. ఆ రోజు ల్యాబులో నలభై మంది రక్తం తీశాను, ఫోన్ ఇంట్లోనే ఉంది. పదేసి నిమిషాల చొప్పున అందరికీ జవాబు రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. దాచుకున్న జవాబొకటి తయారు చేసుకుంటే ఒక్క రోజులో అయ్యేది. తయారు చేశాను కూడా. ముగ్గురికి పంపాక తీసేసి, ఒక్కొక్కరి పేరు రాసి పంపాను. పేరు తప్ప మిగతా మాటలు ఒకటే.

కోపగించుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరు తమ మాటలు తీసేయమన్నారు, తీసేశాను. ఒకతను మోసమని రాశాడు. దానికి కూడా పది నిమిషాల్లోనే జవాబు రాశాను, మీరన్నది నిజమేనని. జాలితో ఆర్డర్లు ఇచ్చినవాళ్లు మాత్రం ఎక్కువ. మామ చేతులకు వారానికి నాలుగు జతలే అవుతాయి, కాబట్టి నాలుగు కాగానే ఈ వారం అయిపోయాయని రాసి పెట్టేదాన్ని. రెండు నెలలకు జాలి తగ్గింది. కాళ్లు బాగాలేనివాళ్లు మిగిలారు.

తిరుమలగిరి ఆయన నాలుగు నెలలకు మళ్లీ వచ్చాడు. మామ ఆయన్ను నిలబెట్టి రెండు కాళ్లూ గీశాడు. తీసేసిన వేలు ఉన్న చోట మెత్తటి ముక్క నింపి కుట్టాడు. ఆయన ఇప్పటికీ రాస్తాడు, కాలి సంగతి వరకే. మిగతా ముచ్చట్లు రాయడు.

రెండేళ్లయింది. ఉద్యోగం అదే, ఆరున్నర అదే. పోయిన ఆదివారం కాలి కొలత పోస్టును ఈసారి వీడియోగా తీశాం. రాతలో పెట్టింది చదవలేనివాళ్లు ఉన్నారు కాబట్టి నోటితో చెబుతానని మామే అన్నాడు. కెమెరా ముందు ఆయన నాలుగుసార్లు తడబడ్డాడు. ఒకసారి మడమ అనబోయి మెడ అన్నాడు. ఐదోసారి కుదిరింది. గురువారం పొద్దున్నే వచ్చేట్టు పెట్టి, కూరగాయల కోసం సంతకు వెళ్లాను.

శుక్రవారం ఒకామె రాసింది. 'అక్కా, కొలత అర్థమైంది. వీడియోల ఎనుకంగ నవ్వుతున్నది మీరేనా?' అట్లాంటిదేమీ లేదని రాయబోయి వీడియో పెట్టి విన్నాను. చివర్లో ఉంది, చిన్నగా. నా గొంతే. ఎప్పుడు నవ్వానో గుర్తు లేదు. ఇంకోసారి విన్నాను. అప్పటికి ఆరు ముప్పై ఎనిమిది అయింది. నేనేనని రాసి, ఆమె పంపిన రెండు కాళ్ల కాగితాన్ని పెద్దది చేసి చూసి, ఏడో నంబరని చెప్పి, తర్వాతి మెసేజ్ తెరిచాను.